"సార్, వైరస్ అంట. ఏం మందు కొట్టాల?" ఒక టమోటా ఫొటో, దానితో వచ్చిన ఒక్క లైను

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో నేను పంట సలహాలు ఇస్తుంటాను. పలమనేరు, పుంగనూరు వైపు టమోటా ఎక్కువ. సీజన్లో రోజుకు ఇరవైకి తక్కువ కాకుండా వాట్సాప్‌లో ఫొటోలు వస్తాయి. చాలావాటి కింద ఒకే లైను ఉంటుంది: "సార్, ఏం మందు?" కొన్నింటికి ఆ లైను కూడా ఉండదు.

ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక ఫొటో సంగతి. దానికి నేనిచ్చిన మొదటి జవాబు తప్పు. ఆ జవాబు వల్ల ఒక కుటుంబం రెండు వందల చెట్లు పోగొట్టుకుంది. తర్వాత అదే చేను గురించి, అదే ఫొటోతో, ఇంకో మెసేజ్ వచ్చింది. దాన్ని చదివిన రెండు నిమిషాల్లో అసలు కారణం దగ్గరకు వెళ్లగలిగాను. ఈ రెండు మెసేజ్‌ల మధ్య తేడా ఏమిటో, దాని నుంచి మా రైతులకు ఎలాంటి మెసేజ్ అలవాటు చేశానో, ఆ దారిలో ఏవేవి పనికిరాలేదో చెబుతాను. ఊరి పేరు, కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

చేను, ఫొటో

అర ఎకరా టమోటా. నాలుగడుగులకు ఒక సాలు, సాలులో అడుగున్నరకు ఒక చెట్టు. మొత్తం 36 సాళ్లు, సాలుకు వంద చెట్ల చొప్పున సుమారు 3,600 చెట్లు. డ్రిప్ ఉంది. కొయ్యలు పాతి తీగ లాగడం అప్పటికే అయిపోయింది. అంటే పెట్టుబడిలో పెద్ద భాగం చేనులోకి వెళ్లిపోయిన దశ.

నాటిన 35వ రోజున, ఒక శనివారం సాయంత్రం, నాకు ఫొటో వచ్చింది. ఒకే కొమ్మ, చాలా దగ్గరగా తీసింది. చిగురు ఆకులు సన్నగా, ముడుచుకుని, మెలి తిరిగి ఉన్నాయి. వెనక వేరొకరి చెయ్యి తప్ప ఇంకేమీ కనబడదు. దాని కింద రాసింది ఇదీ:

"సార్, వైరస్ అంట. ఏం మందు కొట్టాల?"

టమోటాలో చిగురు ముడుచుకుంటే ఈ ప్రాంతంలో ఎవరికైనా మొదట గుర్తొచ్చేది ఆకుముడత వైరస్. తెల్లదోమ దాన్ని ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు మోస్తుంది. ఒకసారి వచ్చిన చెట్టుకు మందు లేదు. కొత్తగా సోకిన చెట్లను పీకేసి, తెల్లదోమను అదుపులో పెట్టి, మిగతా చేనును కాపాడుకోవాలి. నేను అదే రాశాను. "వైరస్ లక్షణాలే కనిపిస్తున్నాయి. ముడత వచ్చిన చెట్లు పీకి దూరంగా వేయండి. తెల్లదోమకు మందు కొట్టండి." మందు పేరు, మోతాదు కూడా ఇచ్చాను.

ఆ జవాబు రాసినప్పుడు నేను ఎలా ఆలోచించానో దాచకుండా చెబుతాను, ఎందుకంటే ఈ కేసులో నేర్చుకోవలసింది అక్కడే ఉంది. ఫొటో చూసేలోపే నేను 'వైరస్' అనే మాట చదివేశాను. ఆ తర్వాత ఫొటోలో వైరస్‌కు సరిపోయేవి మాత్రమే చూశాను. ఆకు ముడుచుకుంది, సరిపోయింది. చిగురు చిన్నదైంది, సరిపోయింది. సరిపోనిది ఒకటి కళ్ల ముందే ఉంది. ఆకుముడత వైరస్‌లో ఆకు పైకి దొప్పలా ముడుచుకుంటుంది, ఈనెల మధ్య పసుపు తిరుగుతుంది. ఈ ఫొటోలో ఆకు పచ్చగానే ఉంది. దొప్పలా కాకుండా పట్టీలా సాగి, ఈనెలు పక్కపక్కనే గీతలు గీసినట్టు దగ్గరికి వచ్చాయి. ఆ తేడా నాకు తెలియనిది కాదు. ఆ సాయంత్రం నా కళ్లు దాని మీద ఆగలేదు.

ఆ 'వైరస్ అంట' అన్నది రైతు మాట కూడా కాదు. అదే ఫొటోను ఆయన ముందు మందుల షాపులో చూపించాడు, వాళ్లు ఆ పేరు చెప్పారు. ఎవరో ఫొటో చూసి చేసిన ఊహ, రైతు మెసేజ్‌లో నా దగ్గరికి వచ్చేసరికి సమాచారంలా కనబడింది.

ఆయన అడిగిన ప్రశ్న కూడా నా జవాబును ఒక వైపు లాగింది. "ఏం మందు?" అని అడిగితే, మందు పేరు చెప్పకుండా తిరిగి ప్రశ్న వేయడం జవాబు ఎగ్గొట్టినట్టు అనిపిస్తుంది. అడిగినాయన తొందరలో ఉంటాడు, మన దగ్గర ఇంకా పదిహేను ఫొటోలు ఉంటాయి. అలా మందు పేరు చెప్పేస్తాం.

రెండో మెసేజ్

ఆదివారం పొద్దున గేటు వైపు నుంచి మొదలుపెట్టి మొదటి రెండు సాళ్లు పీకేశారు. రెండు వందల చెట్లు. మూడో సాలు దగ్గర ఆయనకు చెయ్యాడలేదట. ఇంట్లో ఇంటర్ చదివే కూతురు ఉంది. సాయంత్రం ఆ అమ్మాయి చేనంతా నడిచి చూసి, నాన్న ఫోన్ నుంచి అదే ఫొటోను మళ్లీ పెట్టి ఇలా రాసింది:

"సార్, నిన్న ఇదే ఫొటో నాన్న పంపినాడు. టమోటా, నాటి 36 రోజులు, మొత్తం 36 సాళ్లు. గేటు పక్క మొదటి ఏడు సాళ్లలో అన్ని చెట్లకూ ఇట్లే ఉండాది, ఒక్కటి కూడా మిగల్లేదు. తర్వాత ఏడు సాళ్లలో కొంచెమే. మిగతావి బాగుండాయి. పోయిన వారం గురువారం మందు కొట్టినాం, శనివారానికే చిగుర్లు వంగినాయి, నీళ్లు చాలలేదేమో అనుకున్నాం. కింద పాత ఆకులు బాగుండాయి. పంపు పక్క చేను వాళ్లది తెచ్చినాం. రెండు సాళ్లు పీకేసినాం. మిగతా ఐదు సాళ్లు పీకాల్నా, ఆపాల్నా?"

నేను దీన్ని రెండుసార్లు చదివాను. ఆ తర్వాత మొదట పంపింది ఒకటే మాట: "పీకొద్దు. ఇప్పుడే ఫోన్ చేస్తున్నా."

ఈ మెసేజ్‌లో ఏ వాక్యం ఏం పని చేసిందో చూద్దాం. "ఏడు సాళ్లలో అన్ని చెట్లకూ" అన్నది మొదట నన్ను ఆపింది. వైరస్ తెల్లదోమతో వస్తుంది. దోమ ఇక్కడొక చెట్టు మీద, అక్కడొక చెట్టు మీద వాలుతుంది కాబట్టి మొదట్లో జబ్బు చెదురుమదురుగా కనబడుతుంది. ఏడు వందల చెట్లు ఒకటీ తప్పకుండా ఒకేలా, ఒకే వారంలో మెలి తిరగడం దోమ పని కాదు. అది మనిషి చేత్తో, ఒకే రోజున జరిగిన దాని గుర్తు.

"మొదటి ఏడు సాళ్లు, తర్వాతి ఏడు సాళ్లు" అనే మెట్లు ఇంకో సంగతి చెప్పాయి. ఆ పంపు 20 లీటర్ల బ్యాటరీ స్ప్రేయర్. ఎకరాకు 200 లీటర్ల లెక్కన అర ఎకరాకు వంద లీటర్లు, అంటే ఐదు ట్యాంకులు. 36 సాళ్లను ఐదుతో భాగిస్తే ట్యాంకుకు ఏడు సాళ్లు. మొదటి ట్యాంకు పడిన చోట తీవ్రంగా, రెండో ట్యాంకు పడిన చోట కొంచెం, మూడో ట్యాంకు నుంచి ఏమీ లేదు. ట్యాంకులో ముందే ఏదో ఉండి, వాడే కొద్దీ కడుక్కుపోయిందన్న మాట. ఆ అమ్మాయి ట్యాంకుల లెక్క రాయలేదు. సాళ్ల లెక్క రాసింది కాబట్టి నేను వేసుకోగలిగాను.

"గురువారం కొట్టినాం, శనివారానికే వంగినాయి" అనేది కాలం చెప్పింది. వైరస్ ఎక్కిన చెట్టు లక్షణం చూపడానికి వారాలు పడుతుంది. రెండు రోజుల్లో చిగురు వంగి మెలి తిరిగేది హార్మోన్ రకం కలుపు మందు తగిలితేనే. మొదట చిగురు వంగుతుంది, వారం పది రోజులకు కొత్తగా వచ్చే ఆకు పట్టీలా సన్నగా వస్తుంది. నాకు వచ్చిన ఫొటో తొమ్మిదో రోజుది.

ఇక "పంపు పక్క చేను వాళ్లది." పక్క చేనులో చెరుకు. చెరుకులో వెడల్పాకు కలుపుకు 2,4-డి కొడతారు. చెరుకు గడ్డిజాతి పంట కాబట్టి తట్టుకుంటుంది. టమోటాకు, చిక్కుడుకు, ద్రాక్షకు అది చాలా కొంచెం తగిలినా చాలు.

అనుమానాన్ని ఎలా తేల్చాం

ఒకసారి తప్పు చెప్పాక, రెండోసారి కూడా మెసేజ్ నమ్మి తీర్పు ఇచ్చేస్తే అది ఇంకో ఊహే అవుతుంది. చేను అంచు నుంచి మొదలైందన్న ఒక్క కారణంతో కలుపు మందు అనడానికి లేదు. తెల్లదోమ పక్క చేను నుంచి వస్తే వైరస్ కూడా అంచునే మొదలవుతుంది. అందుకే ఫోన్లో మూడు పనులు చెప్పాను.

మొదటిది, పక్కాయనను అడగడం. ఆయన చెరుకుకు 2,4-డి కొట్టినట్టు, తర్వాత పంపును ఒకసారి నీళ్లతో తొలిచి ఇచ్చినట్టు చెప్పాడు. మా వాళ్లు తెచ్చి వాడి తిరిగి ఇచ్చాక, మళ్లీ చెరుకుకు అదే మందు కొట్టాడు. నిజం చెప్పినందుకు ఆయనకు ఇప్పటికీ కృతజ్ఞతగా ఉంటాను. దాచి ఉంటే ఇది తేలడానికి ఇంకా చాలా రోజులు పట్టేది.

రెండోది, పొద్దున్నే ఎండ రాకముందు ఐదో సాలులో పది చెట్లు, ముప్పయ్యో సాలులో పది చెట్లు ఆకులు తిప్పి అడుగున చూడడం. తెల్లదోమ ఆకు అడుగునే ఉంటుంది, ఎండెక్కితే లేచి ఎగురుతుంది. వాట్సాప్ ఫొటోను కుదించి పంపుతుంది కాబట్టి అంత చిన్న పురుగు ఫొటోలో దొరకదు, కళ్లతో చూడాల్సిందే. రెండు చోట్లా అక్కడక్కడా ఒకటీ అరా తప్ప లేవు. మెలి తిరిగిన చోట ఎక్కువగా, బాగున్న చోట తక్కువగా అనే తేడా లేనేలేదు. నల్లికి కూడా చిగురు ముడుచుకుంటుంది, కానీ అప్పుడు ఆకు అడుగున రాగి రంగు మెరుపు వస్తుంది. అదీ లేదు.

మూడోది కొంచెం శ్రమ, కానీ సందేహం మిగలనివ్వదు. నర్సరీ నుంచి పది టమోటా నారు మొక్కలు తెచ్చాం. ఆ పంపును పక్కాయన ఎలా తొలుస్తాడో అలాగే ఒకసారి తొలిచి, అందులో వట్టి నీళ్లు నింపి బాగా కదిపి, ఐదు మొక్కల మీద కొట్టాం. మిగతా ఐదింటి మీద కొత్త బకెట్‌లోని నీళ్లు చేత్తో చల్లి, దూరంగా పెట్టాం. మూడో రోజు పొద్దున పంపు నీళ్లు పడిన ఐదు మొక్కల చిగుర్లూ కొక్కెంలా వంగి ఉన్నాయి. బకెట్ నీళ్లు పడినవి నిటారుగా ఉన్నాయి.

ఈ మందు ప్లాస్టిక్ గోడలకు, గొట్టానికి, వాషర్లకు పట్టుకుని ఉంటుంది. ఒకసారి నీళ్లతో తొలిస్తే పోదు. అమోనియా కలిపిన నీళ్లు నింపి గొట్టంలో కూడా నిలవనిచ్చి, తర్వాత మంచినీళ్లతో పలుమార్లు కడగమంటారు. మా రైతులకు నేను చెప్పేది ఇంకా సూటిగా ఉంటుంది. కలుపు మందు పంపు వేరు, పురుగు మందు పంపు వేరు. అరువు పంపు టమోటాకు వద్దు.

మిగిలిన ఐదు సాళ్లు ఉంచేశారు. పైన మందు ఏదీ కొట్టలేదు, నీళ్లు మాత్రం సమంగా ఇచ్చారు. మొదటి పూత రాలిపోయింది. నిలిచిన కొన్ని పిందెలు వంకరగా వస్తే తీసేయించాను. మూడు వారాలు దాటాక వచ్చిన కొత్త కొమ్మలకు మామూలు ఆకులు వచ్చాయి. ఎనిమిది నుంచి పద్నాలుగో సాలు వరకు అంతకంటే ముందే తేరుకున్నాయి. ఆ ఐదు సాళ్ల కోత మిగతా చేను కంటే వెనకబడింది, కానీ కోత వచ్చింది. పీకేసిన రెండు సాళ్లు కూడా ఇలాగే తేరుకునేవి. వాళ్లింటికి వెళ్లి ఆ మాట చెప్పి వచ్చాను.

మెసేజ్ మార్చాలనుకున్నాక చేసినవి, కుదరనివి

నా తప్పు వేరు, రైతు మెసేజ్ వేరు. ఒక్క ఫొటోకు తీర్పు ఇవ్వకూడదన్నది నేను దిద్దుకోవలసిన పని. కానీ రోజుకు ఇరవై మందికి తిరిగి ప్రశ్నలు వేసి, వాళ్లు పొలం నుంచి వచ్చి ఫోన్ చూసి జవాబిచ్చేసరికి ఒక రోజు గడిచిపోతుంది. మొదటి జవాబే పనికొచ్చేలా ఉండాలంటే మొదటి మెసేజ్‌లోనే విషయం ఉండాలి. అందుకని కొన్ని పద్ధతులు చేసి చూశాను.

మొదట "ఎక్కువ ఫొటోలు పంపండి" అన్నాను. పన్నెండు ఫొటోలు వచ్చేవి, అన్నీ అదే ఆకువి, ఇంకా దగ్గరగా తీసినవి. దగ్గరికి వెళ్లే కొద్దీ బాగా తెలుస్తుందనుకోవడం సహజం. కానీ నాకు కావలసినవి మూడు సంగతులు. ఎప్పటి నుంచి, చేనులో ఎక్కడెక్కడ, అంతకు ముందు ఏం చేశారు. ఈ మూడూ ఎన్ని ఫొటోలు తీసినా అందులోకి రావు. ఆ అమ్మాయి కొత్త ఫొటో ఒక్కటి కూడా పంపలేదు. ఫొటో అదే, మాటలు మారాయి, నా జవాబు తిరగబడింది.

తర్వాత పద్నాలుగు ప్రశ్నల ఫారం తయారు చేశాను. విత్తన రకం, నేల రకం, అంతకు ముందు పంట, ఎరువుల మోతాదు, అన్నీ పెట్టాను. ముగ్గురే నింపారు. మిగతావాళ్లు ఫొటో పంపడమే మానేసి నేరుగా షాపుకు వెళ్లారు. ఒక రైతు నాతో అన్న మాట: "చెట్టు చస్తా ఉంటే కాయితం నింపమంటే ఎట్ల సార్?" ఆయన అన్నది న్యాయం. ఆ పద్నాలుగింటిలో పది ప్రశ్నలు నేను తర్వాత అడిగినా సరిపోయేవి. మొదటి జవాబును మార్చేవి నాలుగే.

వాయిస్ మెసేజ్ కూడా పెట్టించాను. రాయలేని వాళ్లకు ఇప్పటికీ అదే దారి, దాన్ని తీసేయలేదు. ఇబ్బంది ఏమిటంటే, మూడు నిమిషాల మాటలో అరువు పంపు సంగతి రెండో నిమిషంలో ఒక్క ముక్క వస్తుంది. బస్సులో వింటూ ఉంటే జారిపోతుంది. పైగా ఆ ఫొటోను నేను ఇంకొకరికి చూపించాలంటే ఫొటో ఒక చోట, మాట ఒక చోట అవుతుంది. అందుకే వాయిస్ పంపేవాళ్లు కూడా అదే నాలుగు సంగతులు అదే వరుసలో చెప్పాలని నేర్పుతున్నాను.

కుదిరిన నాలుగు లైన్లు

ఇప్పుడు మా రైతులు ఫొటోతో పాటు, ఫొటో కిందే, రాసేది ఇంత:

పంట, నాటి ఎన్ని రోజులు.
ఎప్పుడు మొదట చూశారు, ఎన్నిట్లో ఎన్నిటికి, చేనులో ఎక్కడ.
గత పది పదిహేను రోజుల్లో చేనులో ఏం చేశారు, ఏ పంపుతో.
ఇప్పుడు మీరు తేల్చుకోవలసింది ఏమిటి, ఎప్పటిలోగా.

రెండో లైను మీద ఎక్కువ పట్టు పడతాను. "చాలా చెట్లకు వచ్చింది" అంటే నాకు ఏమీ తెలియదు. నలభై చెట్లు కూడా చాలానే, నాలుగు వేలూ చాలానే. "వంద చెట్ల సాలులో అన్నిటికీ" అంటే ఒక దారి, "పది సాళ్లలో అక్కడొకటి ఇక్కడొకటి" అంటే ఇంకో దారి, "పల్లంలో నీళ్లు నిలిచే చోట మాత్రమే" అంటే మూడో దారి. ఈ ఒక్క లైను రాయాలంటే రైతు చేనంతా ఒకసారి నడవాలి. ఆ నడకలో వాళ్లకే విషయం సగం తేలిపోయిన సందర్భాలు నేను చూశాను.

మూడో లైనులో అందరూ మందు పేర్లు రాస్తారు, మిగతాది వదిలేస్తారు. అందుకే 'ఏ పంపుతో' అని విడిగా పెట్టాను. ఎరువు వేశారా, నీళ్లు ఎన్నాళ్లు ఆగాయి, పక్క చేనులో ఎవరైనా ఏమైనా కొట్టారా అన్నవి కూడా అందులోకే వస్తాయి. పది పదిహేను రోజులు అని ఎందుకు పెట్టానంటే, ఈ కేసులో కారణం తొమ్మిది రోజుల వెనక ఉంది. "నిన్న ఏం చేశారు" అని అడిగి ఉంటే అది దొరికేది కాదు.

నాలుగో లైను జవాబు తీరునే మార్చేసింది. "ఏం మందు?" అనే ప్రశ్నకు మందే జవాబు. "పీకాల్నా, ఆపాల్నా?" అనే ప్రశ్నకు, మందు పేరు చెప్పేముందు, పీకితే ఏం నష్టం, ఆపితే ఏం నష్టం అని ఆలోచించక తప్పదు. ఆ ఆలోచన వస్తే, సరిగ్గా తెలియనప్పుడు కూడా "రెండు రోజులు ఆపండి, ఈలోగా ఇది చూసి చెప్పండి" అనే జవాబు వస్తుంది. చెట్లు పీకడం లాంటి, మళ్లీ వెనక్కి తెచ్చుకోలేని పని విషయంలో అది చాలా మంచి జవాబు.

జబ్బు పేరు రాయొద్దని చెప్పడం మాత్రం కష్టమైంది. పేరు రాస్తే తమకు తెలుసని చూపించినట్టు ఉంటుంది, షాపులో విన్నది చెప్పకపోతే దాచినట్టు ఉంటుంది. చివరికి ఇలా సర్దాను: కంటికి కనిపించింది ముందు రాయండి, ఎవరైనా పేరు చెప్పి ఉంటే అన్నిటికంటే చివర, ఎవరు చెప్పారో కలిపి రాయండి. "షాపులో వైరస్ అన్నారు" అని చివర వస్తే నేను దాన్ని ఒకరి అభిప్రాయంగా చదువుతాను. మొదట్లో వస్తే ఫొటో మొత్తాన్ని దాని గుండా చూస్తాను. ఇది తెలిసి కూడా నాకు ఇప్పటికీ అలాగే జరుగుతుంది. అందుకే నేను ముందు ఫొటోను చూసి, మనసులో రెండు కారణాలు అనుకుని, ఆ తర్వాత కింద రాసింది చదువుతున్నాను.

నాలుగు లైన్లూ బాగా రాసినా తేలనివి ఉన్నాయి. టమోటా చెట్టు పచ్చగా ఉండగానే ఒక్కసారిగా వాడిపోయిందని ఫొటో వస్తే, ఎంత వివరంగా రాసినా అది బ్యాక్టీరియా వాడు తెగులో, వేరు సమస్యో నేను ఇక్కడి నుంచి చెప్పలేను. అప్పుడు నా మొదటి జవాబు ఒక పని చెప్పడమే అవుతుంది. కాండాన్ని నేల దగ్గర కోసి, ఆ ముక్కను గాజు గ్లాసులో మంచినీళ్లలో కదలకుండా వేలాడదీయమంటాను. కొన్ని నిమిషాల్లో కోసిన చోటు నుంచి పాల దారాల్లాంటివి కిందికి దిగితే బ్యాక్టీరియా. అలాగే చెట్టు పీకి వేళ్లు కడిగి చూడమంటాను, బుడిపెలు ఉంటే నులిపురుగులు. మంచి మెసేజ్ ఉన్నప్పుడు ఆ పని మొదటి రోజే చెప్పగలను, లేకపోతే మూడో రోజుకు గానీ అక్కడికి చేరను.

మొన్న కార్తీకంలో అదే ఇంటి నుంచి మళ్లీ ఫొటో వచ్చింది, ఈసారి తండ్రే రాశాడు. "చిక్కుడు, వేసి 28 దినాలు. నిన్న చూసినా, 20 సాళ్లలో చివరి మూడు సాళ్లు, కాలవ పక్క, అడుగు ఆకులు పసుపు. మందేమీ కొట్టలే. పంపు మాదే, కొత్తది. నాలుగు దినాలు వాన పడె. యూరియా వేయాల్నా, ఆగాల్నా, రేపు కూలోళ్లు వస్తారు." నేను ఒకటే రాశాను: "ఆ మూడు సాళ్లలో నీళ్లు నిలిచాయా?" పది నిమిషాల్లో, సాళ్ల మధ్య పాదం మునిగే నీళ్లలో నిలబడి తీసిన ఫొటో వచ్చింది. కూలోళ్లతో యూరియాకు బదులు కాలవ తీయించమన్నాను.